దీపం పెంచితే ఎలక్ట్రాన్ వేగం పెరుగుతుందా?

ఇంటర్ రెండో సంవత్సరం ఫిజిక్స్ పేపర్లు దిద్దినంత కాలం ఒక వాక్యం ఏటా నన్ను పలకరిస్తూనే ఉండేది. "కాంతి తీవ్రతను రెట్టింపు చేస్తే వెలువడే ఎలక్ట్రాన్ల గతిజశక్తి కూడా రెట్టింపవుతుంది." కొందరు దాని కింద స్కేలు పెట్టి గీత కూడా గీసేవారు. చదవని పిల్లలు రాసే వాక్యం కాదిది. చదవనివాళ్లు ఆ ప్రశ్న వదిలేస్తారు. బాగా చదివి, పటం గీసి, సమీకరణం రాసి, చివర్లో మాత్రం ఈ ముక్క చేర్చి రెండు మార్కులు పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ.

ఒకసారి ట్యూషన్‌కి వచ్చే అమ్మాయి ఒకత్తి ఇదే రాసింది. తప్పని కొట్టేస్తే ఊరుకోలేదు.

"కాంతి కూడా శక్తే కదా సార్? రెట్టింపు కాంతి ఇస్తే రెట్టింపు శక్తి ఇచ్చినట్టే. మరి అదంతా ఎక్కడికి పోయింది?"

ప్రశ్న న్యాయమైంది. "పుస్తకంలో అలా లేదమ్మా" అనడం దానికి జవాబు కాదు. ఆ అమ్మాయి అడిగిన శక్తి ఎక్కడికి పోయిందో తెలిస్తే తప్పు దానంతట అదే విడిపోతుంది.

ముందు సంగతేమిటో చూద్దాం. కొన్ని లోహాల మీద తగిన కాంతి పడితే వాటి ఉపరితలం నుంచి ఎలక్ట్రాన్లు బయటికి వస్తాయి. దీన్నే కాంతి విద్యుత్ ఫలితం అంటారు. గాలి తీసేసిన గాజు గొట్టంలో ఒక పక్క లోహపు పలక, ఎదురుగా ఇంకో పలక పెట్టి రెంటినీ తీగతో కలిపితే, ఎలక్ట్రాన్లు ఇటు నుంచి అటు దాటినంత మేరకు తీగలో కరెంటు పారుతుంది. మీటర్లో కనిపించేది ఆ కరెంటే. సెకనుకు ఎన్ని ఎలక్ట్రాన్లు దాటాయో అది చెబుతుంది. ఒక్కో ఎలక్ట్రాన్ ఎంత ఊపుతో వచ్చిందో మాత్రం చెప్పదు.

ఊపు తెలుసుకోవడానికి ఇంకో పని చేస్తారు. ఎదుటి పలకకు కొద్దిగా రుణ వోల్టేజి ఇస్తారు. ఎలక్ట్రాన్ కూడా రుణావేశమే కాబట్టి అది ఎదురుగాలిలో సైకిలు తొక్కినట్టు ముందుకు పోవాల్సి వస్తుంది. వోల్టేజి పెంచుతూ పోతే మందకొడి ఎలక్ట్రాన్లు ముందే ఆగి వెనక్కి మళ్లుతాయి, చురుకైనవి ఇంకాస్త నిలుస్తాయి. ఒక దగ్గర అన్నిటికంటే చురుకైనది కూడా ఆగిపోయి కరెంటు సున్నా అవుతుంది. ఆ వోల్టేజినే నిరోధక పొటెన్షియల్ అంటారు. అది 0.8 వోల్టులైతే, అన్నిటికంటే చురుకైన ఎలక్ట్రాన్ 0.8 ఎలక్ట్రాన్ వోల్టుల గతిజశక్తితో బయల్దేరిందన్నమాట. ఎలక్ట్రాన్ వోల్టు అంటే ఒక్క ఎలక్ట్రాన్ స్థాయిలో శక్తిని కొలిచే చిన్న కొలత.

అంటే ఒకే గొట్టంలో రెండు వేర్వేరు కొలతలున్నాయి. ఎన్ని వచ్చాయో కరెంటు చెబుతుంది, ఒక్కోటీ ఎంత శక్తితో వచ్చిందో నిరోధక పొటెన్షియల్ చెబుతుంది. ఈ రెంటినీ కలగాపులగం చేసినప్పుడే మొదట చెప్పిన వాక్యం పుడుతుంది.

ఆ అమ్మాయికి నేను జాతర కథ చెప్పాను. ఊళ్లో జాతర జరుగుతోంది. రంగులరాట్నం టికెట్టు ఇరవై రూపాయలు. గేటు చుట్టూ వందలమంది పిల్లలు, అందరి జేబులూ ఖాళీ. మేనమామలు వచ్చి నోట్లు పంచుతున్నారు. నియమం ఒకటే. ఒక మామ ఒక పిల్లాడికి ఒకే నోటు ఇస్తాడు. ఇద్దరు పిల్లలు డబ్బు కలుపుకోవడానికి లేదు, గేటు దగ్గర వాయిదాలూ లేవు. మామలందరి దగ్గరా పది రూపాయల నోట్లే ఉంటే, పదిమంది మామలు వచ్చినా పదివేలమంది వచ్చినా ఒక్క పిల్లాడూ రాట్నం ఎక్కలేడు. నోట్లు యాభైవైతే, అందుకున్న పిల్లాడు టికెట్టు కొనుక్కుని ముప్ఫై రూపాయలు జేబులో వేసుకుని లోపలికి పోతాడు. ఇప్పుడు యాభై నోట్లు పంచే మామల సంఖ్య రెట్టింపైందనుకుందాం. లోపలికి వెళ్లే పిల్లల సంఖ్య రెట్టింపవుతుంది. ఒక్కొక్కడి జేబులో మిగిలేది మాత్రం ముప్ఫై రూపాయలే.

లోహం లోపలి ఎలక్ట్రాన్లే ఆ పిల్లలు. లోహాన్ని వదిలి బయటపడటానికి కట్టాల్సిన కనీస శక్తే టికెట్టు. పాఠ్యపుస్తకం దాన్ని పని ప్రమేయం అంటుంది. నోటు అంటే ఒక ఫోటాన్, కాంతి శక్తి తునక. నోటు విలువ కాంతి పౌనఃపున్యాన్ని బట్టి, అంటే రంగును బట్టి ఉంటుంది. ఎరుపు ఫోటాన్ చిన్న నోటు, ఊదా ఫోటాన్ పెద్ద నోటు, కంటికి కనిపించని అతినీలలోహితం ఇంకా పెద్దది. వెలుగు పెంచడమంటే అదే విలువ నోట్లను ఎక్కువ సంఖ్యలో పంచడం.

"మరి నేనడిగిన ఆ రెట్టింపు శక్తి?" అంది.

"పోలేదమ్మా. లోపలికి రెండింతలమంది పిల్లలు వెళ్లారు కదా, వాళ్లందరి జేబుల్లో డబ్బూ కలిపి లెక్కపెట్టు. రెట్టింపే వస్తుంది. నువ్వు రాసింది మొత్తం డబ్బు గురించైతే ఒప్పు. పరీక్షలో అడిగింది ఒక్క పిల్లాడి జేబు గురించి."

తప్పు వాక్యంలో సగం నిజం ఉన్న చోటు ఇదే. తీవ్రత రెట్టింపైతే సెకనుకు బయటపడే ఎలక్ట్రాన్లు రెట్టింపవుతాయి కాబట్టి వాటన్నిటి గతిజశక్తినీ కూడితే అదీ రెట్టింపే. ఒక్కో ఎలక్ట్రాన్ గరిష్ఠ గతిజశక్తి మాత్రం కదలదు. సగటు గతిజశక్తి కూడా కదలదు. శక్తి నిత్యత్వ సూత్రానికి ఎక్కడా భంగం లేదు. పెరిగిన శక్తి తలలెక్కన పంచుకుపోయింది, తలల సంఖ్యే పెరిగింది.

అంకెల్లో చూద్దాం. పొటాషియం పని ప్రమేయం 2.30 ఎలక్ట్రాన్ వోల్టులు. దాని మీద 400 నానోమీటర్ల ఊదా కాంతి వేద్దాం. ఫోటాన్ శక్తిని ఎలక్ట్రాన్ వోల్టుల్లో తెలుసుకోవడానికి సులువైన దారి 1240ని నానోమీటర్లతో భాగించడమే. 1240 ÷ 400 అంటే 3.10. అందులోంచి టికెట్టు 2.30 తీసేస్తే 0.80 ఎలక్ట్రాన్ వోల్టులు మిగులుతాయి. నిరోధక పొటెన్షియల్ 0.80 వోల్టులు.

పలక మీద పడుతున్న కాంతి ఒక మిల్లీవాట్ అనుకుందాం. అందులో సెకనుకు దాదాపు ఇరవై కోట్ల కోట్ల ఫోటాన్లుంటాయి. రెండు మిల్లీవాట్లు చేస్తే నలభై కోట్ల కోట్లవుతాయి. ఒక్కో ఫోటాన్ విలువ మాత్రం అప్పుడూ ఇప్పుడూ 3.10 ఎలక్ట్రాన్ వోల్టులే, మిగులు 0.80. మనం పెంచిన సంఖ్య లెక్కలోని తీసివేతలో ఎక్కడా కనిపించదని గమనించండి. hν = φ + Kmax అనే ఐన్‌స్టీన్ సమీకరణంలో తీవ్రతకు అసలు చోటే లేదు. ఎడమ పక్క ఉన్నది ఒక్క ఫోటాన్ శక్తి, కుడి పక్క ఉన్నవి ఒక్క ఎలక్ట్రాన్ టికెట్టు, దాని మిగులు. అది ఒక్కరికీ ఒక్కరికీ మధ్య జరిగిన బేరం.

అదే పొటాషియం మీద 650 నానోమీటర్ల ఎర్ర కాంతి వేస్తే ఫోటాన్ శక్తి 1.91 మాత్రమే. టికెట్టుకు చాలదు. ఎర్ర దీపాన్ని ఎంత పెంచినా ఎలక్ట్రాన్ రాదు. మిగులు పెరగాలంటే నోటు విలువే పెరగాలి. 310 నానోమీటర్ల అతినీలలోహితం వేస్తే ఫోటాన్ శక్తి 4.00, మిగులు 1.70. ఇక్కడొక చమత్కారం ఉంది. పవర్ అదే ఒక మిల్లీవాట్ ఉంచి 400 నుంచి 310కి మారితే, ఒక్కో ఫోటాన్ ఖరీదు పెరిగింది కాబట్టి సెకనుకు వచ్చే ఫోటాన్ల సంఖ్య నాలుగో వంతుకు కాస్త తక్కువగా తగ్గుతుంది. అదే డబ్బును పెద్ద నోట్లలోకి మార్చుకుంటే నోట్ల సంఖ్య తగ్గినట్టు.

జాతర కథలో ఇంకో వివరం కలపాలి. పిల్లలందరూ గేటు పక్కనే నిలబడి ఉండరు. దూరంగా నిలబడ్డవాడు గేటుకు వచ్చేలోపు దారిలో మిఠాయి కొట్టు దగ్గర కొంత ఖర్చు పెట్టేస్తాడు. లోహం లోపలి ఎలక్ట్రాన్లు కూడా అంతే. లోతునున్నవి ఉపరితలానికి వచ్చేలోపు ఢీకొట్టుకుంటూ శక్తి పోగొట్టుకుంటాయి. అందుకే బయటపడిన ఎలక్ట్రాన్లన్నిటికీ 0.80 ఉండదు, సున్నా నుంచి 0.80 దాకా రకరకాలుగా ఉంటాయి. పుస్తకాల్లో "గరిష్ఠ" అన్న మాట వదలకుండా రాసేది అందుకే. పిల్లలు జవాబులో మొదట వదిలేసేదీ ఆ మాటే.

ఈ తప్పు మన పిల్లల బుర్రలోనే పుట్టిందనుకుంటే పొరపాటు. పంతొమ్మిదో శతాబ్దపు భౌతిక శాస్త్రం ఆశించింది కూడా అచ్చంగా ఇదే. కాంతి అల కదా, వెలుగు ఎక్కువైతే అల పెద్దదవుతుంది, పెద్ద అల ఎలక్ట్రాన్‌ను గట్టిగా ఊపి గట్టిగా విసరాలి. ఉప్పెన రోజు సముద్రాన్ని చూసినవాడెవడైనా అలాగే అనుకుంటాడు.

1887లో హైన్‌రిష్ హెర్ట్జ్ రేడియో తరంగాల ప్రయోగాలు చేస్తుండగా, ఒక నిప్పురవ్వ వెలుగు ఇంకో ఖాళీలో రవ్వ దూకడానికి సాయపడుతోందని గమనించాడు. మధ్యలో గాజు పలక పెడితే ఆ సాయం ఆగిపోయింది. క్వార్ట్జ్ పలక పెడితే ఆగలేదు. కంటికి రెండూ పారదర్శకమే, కాని గాజు అతినీలలోహితాన్ని ఆపేస్తుంది, క్వార్ట్జ్ వదిలేస్తుంది. వెలుగు ఎంత అన్నదాని కంటే ఏ రకం వెలుగు అన్నదే ముఖ్యమన్న సూచన ఆనాడే అందింది.

అసలు దెబ్బ 1902లో పడింది. ఫిలిప్ లెనార్డ్ కార్బన్ ఆర్క్ దీపం తీసుకుని పలక మీద పడే వెలుగును సుమారు వెయ్యి రెట్ల మేరకు మార్చి చూశాడు. కరెంటు వెలుగుతో పాటే పెరిగింది, తగ్గింది. నిరోధక పొటెన్షియల్ మాత్రం ఉన్నచోటే ఉంది. అల సిద్ధాంతం ప్రకారం ఎలక్ట్రాన్ల శక్తిలో కొట్టొచ్చినట్టు తేడా కనబడాలి. కనబడలేదు.

నాకు ఈ కథలో బాగా నచ్చే ముక్క దీని తర్వాతది. లెనార్డ్ కొలత సరైనదే, కాని అతను చెప్పుకున్న కారణం తప్పు. ఎలక్ట్రాన్లకు ఆ వేగం అణువులోనే ముందునుంచీ ఉందని, కాంతి వచ్చి తలుపు మాత్రమే తీస్తుందని అతను అనుకున్నాడు. తలుపు తీసేవాడు బక్కవాడైనా బలశాలైనా లోపలివాడి పరుగు మారదు కదా! వినడానికి బాగానే ఉంది. 1905లో ఐన్‌స్టీన్ దాన్ని పక్కన పెట్టి, కాంతి శక్తి తునకలుగా వస్తుందని, ఒక్కో తునక ఒక్కో ఎలక్ట్రాన్‌కే ఇచ్చేస్తుందని ప్రతిపాదించాడు. అది నిజమైతే నిరోధక పొటెన్షియల్‌ను పౌనఃపున్యానికి ఎదురుగా గీసినప్పుడు సరళరేఖ రావాలి. దాన్ని తేల్చడానికి అమెరికాలో రాబర్ట్ మిలికన్ ఏళ్ల తరబడి కష్టపడ్డాడు. సోడియం, పొటాషియం లాంటి లోహాలకు గాలి తగిలితే పైన పొర కట్టి కొలత పాడవుతుంది కాబట్టి, గాలి తీసిన గొట్టంలోనే లోహాన్ని చెక్కే కత్తి అమర్చుకున్నాడు. ఐన్‌స్టీన్ ఊహ మీద నమ్మకం లేకుండానే ఈ పనికి దిగి, 1916లో గీత తిన్నగా వచ్చిందని తనే ప్రకటించాడు.

ఇప్పుడు మన పరీక్షలకు వద్దాం. ఐఐటీ ప్రవేశ పరీక్షల పాత ప్రశ్నల్లో ఒకటి తరతరాల కోచింగ్ పిల్లలకు పరిచయమే. ఒకే రంగు కాంతినిచ్చే బిందు దీపం ఫోటోసెల్‌కు 0.2 మీటర్ల దూరంలో ఉంది. నిరోధక పొటెన్షియల్ 0.6 వోల్టులు, సంతృప్త కరెంటు 18 మిల్లీ ఆంపియర్లు. దీపాన్ని 0.6 మీటర్ల దూరానికి జరిపితే ఏమవుతుంది? ఇచ్చిన జవాబులు నాలుగు: పొటెన్షియల్ 0.2 వోల్టులు, పొటెన్షియల్ 0.6 వోల్టులు, కరెంటు 6 మిల్లీ ఆంపియర్లు, కరెంటు 2 మిల్లీ ఆంపియర్లు.

దూరం మూడింతలైంది. వెలుగు పరుచుకునే వైశాల్యం తొమ్మిదింతలవుతుంది కాబట్టి సెల్ మీద పడే తీవ్రత తొమ్మిదో వంతుకు పడిపోతుంది. కరెంటు 18ని 9తో భాగిస్తే 2. రంగు మారలేదు కనుక పొటెన్షియల్ 0.6 దగ్గరే ఉంటుంది. రెండో జవాబు, నాలుగో జవాబు ఒప్పు.

తప్పు జవాబులు ఎలా తయారుచేశారో చూడండి. కరెంటు 6 అన్నది తీవ్రత దూరంతో తిన్నగా తగ్గుతుందనుకుని వర్గాన్ని మరిచిపోయినవాడి కోసం. పొటెన్షియల్ 0.2 అన్నది, వెలుగు తగ్గితే ఎలక్ట్రాన్ ఊపు కూడా తగ్గుతుందని నమ్మినవాడి కోసం. ఆ నమ్మకాన్నే పట్టుకుని లెక్క సరిగ్గా చేస్తే 0.6ను తొమ్మిదితో భాగించి 0.07కి దగ్గరలో ఏదో రావాలి, ఆ జవాబు అక్కడ లేనే లేదు. అంటే 0.2 పెట్టాలంటే రెండు తప్పులు ఒకేసారి చేయాలి. అయినా పెట్టేవాళ్లు పెడుతూనే ఉంటారు. మూడింతల దూరం, మూడో వంతు జవాబు, చూపుకు ముచ్చటగా ఉంటుంది మరి.

నీట్ 2020లో వచ్చిన ప్రశ్న ఇంకాస్త గడుసుది. ఒక పదార్థానికి ఎలక్ట్రాన్లు రావడం మొదలయ్యే పౌనఃపున్యం, అంటే ఆరంభ పౌనఃపున్యం ఒకటుంటుంది. దానికి ఒకటిన్నర రెట్లున్న కాంతి ఆ పదార్థం మీద పడుతోంది. పౌనఃపున్యాన్ని సగం చేసి, తీవ్రతను రెట్టింపు చేస్తే కరెంటు ఎంత? సగం, రెట్టింపు అన్న మాటలు చూడగానే చెయ్యి గుణకారాలకు పోతుంది. ఒకటిన్నరలో సగం ముప్పావు. ఆరంభ పౌనఃపున్యానికి అది తక్కువ. టికెట్టు ఇరవై, చేతిలో నోటు పదిహేను. మామలు రెండింతలొచ్చినా గేటు తెరుచుకోదు. జవాబు సున్నా. నాకు తెలిసి ఈ పాఠంలో ఇంతకంటే మంచి ప్రశ్న లేదు. సూత్రం బట్టీ పట్టినవాడినీ, ముందు గేటు చూసి తర్వాత తలలు లెక్కపెట్టేవాడినీ ఇది విడదీస్తుంది.

గ్రాఫులోనూ ఇదే తప్పు ఇంకో రూపంలో వస్తుంది. అడ్డంగా వోల్టేజి, నిలువుగా కరెంటు. రెండు తీవ్రతలకు రెండు గీతలు గీయమంటే, కుడి పక్క ఒకటి ఎత్తుగా, ఒకటి పొట్టిగా సరిగ్గానే గీస్తారు. ఎడమ పక్కకు వచ్చేసరికి ఎత్తు గీతను ఇంకా ఎడమకు లాగేస్తారు, పెద్ద చెట్టుకు పెద్ద నీడ ఉన్నట్టు. నిజానికి రెండు గీతలూ ఎడమ పక్క ఒకే చుక్క దగ్గర నేలను తాకాలి. ఎత్తు తీవ్రతది, ఆ చుక్క రంగుది.

ఈ పొరపాటులో తెలుగు మాటకు కూడా కొంత వాటా ఉందని నా అనుమానం. "తీవ్రత" అన్న మాట మనకు ఎండ తీవ్రత, జ్వర తీవ్రత, తుఫాను తీవ్రతల ద్వారా పరిచయం. అన్నిటిలోనూ దెబ్బ గట్టిగా తగులుతుందన్న అర్థమే. కాంతి తీవ్రత పెరిగిందనగానే ప్రతి కిరణమూ గట్టిగా కొడుతోందన్న బొమ్మ మనసులో పడుతుంది. భౌతిక శాస్త్రంలో దాని అర్థం సెకనుకు, చదరపు మీటరుకు వచ్చి పడే శక్తి ఎంత అని మాత్రమే. ఆ శక్తి పెద్ద నోట్లలో వచ్చిందా చిల్లరలో వచ్చిందా అన్నది ఆ మాట చెప్పదు. ఇంగ్లిష్ మీడియం పిల్లలు ఇంటెన్సిటీ అన్నా అదే తప్పు చేస్తున్నారు కాబట్టి నేరమంతా మన మాట మీద వేయలేం.

ఇక్కడిదాకా చదివి ఎవరైనా ల్యాబుకు వెళ్లి స్వయంగా చూస్తే, మీరు చెప్పింది తప్పు అంటూ తిరిగి రావచ్చు. నాకు ఆ అనుభవమూ ఉంది. ఒక కుర్రాడు మామూలు ఫిలమెంటు బల్బుకు రెగ్యులేటర్ తగిలించి, వెలుగు పెంచిన కొద్దీ నిరోధక పొటెన్షియల్ పెరుగుతోందని రీడింగులతో సహా చూపించాడు. రీడింగులు అబద్ధం కావు. రెగ్యులేటర్ తిప్పితే ఫిలమెంటు మరింత వేడెక్కుతుంది. మందంగా ఉన్నప్పుడు ఎర్రగా మినుకుమన్న బల్బు, పూర్తిగా పెడితే పసుపు తెలుపుగా వెలుగుతుంది. అంటే నీలం, ఊదా వైపు ఫోటాన్ల వాటా పెరిగింది. అంతకుముందు మీటరు గుర్తించలేనంత తక్కువగా ఉన్న పెద్ద నోట్లు ఇప్పుడు బాగా కనబడుతున్నాయి. ఆ కుర్రాడు వెలుగొక్కటే మార్చాననుకున్నాడు, రంగు కూడా మార్చాడు. రెగ్యులేటర్ ముట్టుకోకుండా, బల్బు ముందు రంగు ఫిల్టర్ పెట్టి, బల్బును దూరం జరిపి చూడమన్నాను. పొటెన్షియల్‌లో తేడా దాదాపు పోయింది.

దాదాపు అన్నాను, పూర్తిగా అనలేదు. మిగిలిన కాస్త తేడా మీటరుది. గరిష్ఠ శక్తికి దగ్గరగా ఉండే ఎలక్ట్రాన్లు చాలా కొద్ది. వెలుగు తక్కువైతే వాటి కరెంటు మీటరు ముల్లు కదపలేనంత చిన్నదై, సున్నా ముందే వచ్చేసినట్టు కనిపిస్తుంది. వెలుగు పెంచితే అవే ఎలక్ట్రాన్లు లెక్కకు వస్తాయి. కొత్తగా చురుకైనవి పుట్టలేదు, ఉన్నవే కంటికి ఆనాయి. పరీక్షించే దారి ఉంది. ప్రతి రీడింగునూ దాని సంతృప్త కరెంటుతో భాగించి గీతలు మళ్లీ గీస్తే, రెండు తీవ్రతల గీతలూ ఒకదాని మీద ఒకటి వచ్చి కూర్చుంటాయి. వెలుగుతో ఎలక్ట్రాన్ ఊపు నిజంగానే మారి ఉంటే అలా కూర్చోవు.

ఒక పిల్లాడికి ఒకే నోటు అన్న నియమానికి మినహాయింపు లేకపోలేదు. మామూలు దీపాల్లో ఒకే ఎలక్ట్రాన్‌కు ఒకే క్షణంలో రెండు ఫోటాన్లు దొరకడం లేనట్టే లెక్క. లేజర్లు వచ్చాక ఫోటాన్ల రద్దీ ఎంత పెరిగిందంటే, రెండు చిన్న నోట్లు ఒకేసారి ఒకే చేతిలో పడటం సాధ్యమైంది. 1964లోనే సోడియం మీద లేజర్‌తో దీన్ని చూశారు. ఒక్క ఫోటాన్ చాలని చోట రెండు కలిసి ఎలక్ట్రాన్‌ను బయటికి తెచ్చాయి. అప్పుడు కరెంటు తీవ్రత వర్గాన్ని బట్టి పెరుగుతుంది, వెలుగు రెండింతలైతే కరెంటు నాలుగింతలు. ఇంటర్ ప్రశ్నల్లో ఈ గొడవ లేదు. జవాబులో ఇది రాసి మార్కులు తగ్గించుకోకండి.

ఆ ట్యూషన్ అమ్మాయి కొన్నాళ్లకు నాకే ఒక తప్పు పట్టింది. ఒక గైడులో "తీవ్రత రెట్టింపు చేసిన, గతిజశక్తి మారదు" అని ఉంది. "తీవ్రత రెట్టింపు చేశారు సరే, ఎలా చేశారో చెప్పలేదు కదా సార్? ఫోటాన్ల సంఖ్య అంతే ఉంచి, పౌనఃపున్యం రెట్టింపు చేసినా తీవ్రత రెట్టింపవుతుంది. అప్పుడు గతిజశక్తి పెరుగుతుందిగా?" అంది. అక్షరాలా నిజం. పైన చేసిన లెక్కనే తీసుకుంటే, 3.10 ఉన్న ఫోటాన్ 6.20 అవుతుంది, మిగులు 0.80 నుంచి 3.90కి దూకుతుంది. రెట్టింపు కూడా కాదు, దాదాపు ఐదింతలు.

అందుకే ప్రశ్నలు తయారుచేసే లెక్చరర్లకు, గైడులు రాసేవాళ్లకు ఒక విన్నపం. తీవ్రత పెంచామని రాసిన ప్రతిచోటా "పౌనఃపున్యం మార్చకుండా" అన్న రెండు మాటలు కూడా అచ్చు వేయండి.